పక్క భవనాన్ని ఆనుకుని చేసే తవ్వకానికి స్ట్రట్ల ఆధారం: తాత్కాలిక నిర్మాణ డిజైన్ ప్రకటన

పత్రం సంఖ్య: టీడబ్ల్యూ-04, సవరణ బి. స్థితి: స్వతంత్ర తనిఖీ పూర్తయి, మొదటి దశ పనికి విడుదలైనది.

1. పరిధి

నేలమాళిగ కోసం 18 మీటర్ల పొడవు, పక్క మట్టిని ఆపే పలకలైన లాగింగ్ నుంచి లాగింగ్‌కు 6.8 మీటర్ల వెడల్పు, 4.0 మీటర్ల లోతు గల తవ్వకానికి రెండు పొడవైన వైపులా ఇవ్వాల్సిన తాత్కాలిక ఆధారాన్ని ఈ ప్రకటన వివరిస్తుంది. ఒక వైపు మూడంతస్తుల ఇటుక గోడల భవనం ఉంది. పని జరిగినన్నాళ్లూ అందులో జనం ఉంటారు. రెండో వైపు ఖాళీ యార్డ్. చివరి రెండు పొట్టి వైపుల ఆధారం, శాశ్వత నేలమాళిగ గోడల డిజైన్ ఈ పత్రంలోకి రావు. అయితే రెండు వైపుల మధ్య అడ్డంగా బిగించే స్ట్రట్లు తీసే క్రమం ఆ గోడల బలం మీద ఆధారపడుతుంది కనుక ఆ మేరకు 6వ భాగంలో షరతులు పెట్టాం.

2. భవనం, నేల: తెలిసిన సంగతులు

భవనం గోడ వెంట మూడు ట్రయల్ పిట్లు తవ్వి పునాదిని కళ్లారా చూశాకే ఈ డిజైన్ మొదలైంది. పునాది 0.9 మీటర్ల వెడల్పు గల రాతికట్టు. దాని అంచు మన లాగింగ్‌కు 1.2 మీటర్ల దూరంలో ఉంది. రెండు పిట్లలో పునాది అడుగు నేలమట్టానికి 1.4 మీటర్ల లోతున కనిపించింది. మెట్ల గది దగ్గరి మూడో పిట్‌లో మాత్రం 1.1 మీటర్లకే ముగిసింది. అక్కడ రాళ్ల మధ్య సున్నం కూడా చేత్తో గీకితే రాలేంత వదులుగా ఉంది. పాత డ్రాయింగ్‌లో ఈ తేడా లేదు. పునాది మీద భారం మీటరుకు 90 కిలోన్యూటన్లు, అంటే అడుగున 100 కిలోపాస్కల్స్.

1.4 మీటర్ల లోతున ఉన్న పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల కోణంలో కిందికి గీసిన రేఖ మన లాగింగ్‌ను సరిగ్గా 2.6 మీటర్ల లోతున తాకుతుంది. కింది వరుస స్ట్రట్లను ఆ లోతునే పెట్టడానికి కారణం ఇదే.

నేలలో పైన 0.9 మీటర్ల వరకు భర్తీ మట్టి, ఆ కింద ఒండ్రు కలిసిన మధ్యస్థ గట్టి ఇసుక ఉన్నాయి. డిజైన్‌కు తీసుకున్న విలువలు: మట్టి యూనిట్ బరువు 19 kN/m³, ఘర్షణ కోణం 30°, సంసంజనం సున్నా. బోర్‌హోల్ నమూనాల్లో కొంత సంసంజనం కనిపించింది కానీ, తవ్వి తెరిచిన ముఖం ఎండి తడిసే క్రమంలో అది నిలుస్తుందని నమ్మే పరిస్థితి లేదు కాబట్టి దాన్ని వదిలేశాం. భూగర్భ నీటిమట్టం 5.5 మీటర్ల లోతున, అంటే తవ్వకం అడుగుకు 1.5 మీటర్ల కింద ఉంది.

3. ఎంచుకున్న పద్ధతి

450 మిల్లీమీటర్ల వ్యాసంతో రంధ్రాలు తొలిచి, వాటిలో 250 మిల్లీమీటర్ల లోతు గల ఉక్కు ఐ-సెక్షన్లను సోల్జర్ పైల్స్‌గా 1.2 మీటర్లకు ఒకటి చొప్పున నిలపాలి. పైల్ పొడవు 7.0 మీటర్లు, తవ్వకం అడుగు కింద ఉండే 3.0 మీటర్ల భాగాన్ని కాంక్రీట్‌తో నింపాలి. పైల్స్ మధ్య 100 మిల్లీమీటర్ల ప్రీకాస్ట్ పలకలను లాగింగ్‌గా దింపాలి. పైల్‌ను సుత్తితో దిగగొట్టడం ఈ స్థలంలో పూర్తిగా నిషిద్ధం. సున్నం వదులైన రాతికట్టుకు ఆ కుదుపు తగిలితే ఏమవుతుందో లెక్క వేసి చెప్పగలిగేవారు లేరు.

0.8 మీటర్లు, 2.6 మీటర్ల లోతుల్లో రెండు వరుసల స్ట్రట్లు ఉంటాయి. ప్రతి వరుసలో 3.6 మీటర్లకు ఒకటి చొప్పున ఐదేసి, 273 మిల్లీమీటర్ల వ్యాసం, 8 మిల్లీమీటర్ల మందం, 6.0 మీటర్ల పొడవు గల గొట్టాలు. పైల్స్ మీదుగా సాగి స్ట్రట్లు ఆనే వేలింగ్‌గా 400 మిల్లీమీటర్ల ఐ-సెక్షన్‌ను అడ్డంగా పడుకోబెట్టి, స్ట్రట్ ఆనే ప్రతిచోటా వెబ్‌కు స్టిఫ్‌నర్లు వెల్డ్ చేయాలి. ఏటవాలు స్ట్రట్ల గురించి కూడా ఆలోచించాం. అవి ఆనడానికి అడుగున దిమ్మె పోయాలి, ఆ దిమ్మె బిగిసేదాకా భవనం వైపు మట్టి కట్టను నమ్ముకుని ఉండాలి. ఆ కొద్ది రోజుల ప్రమాదాన్ని ఒప్పుకోలేక ఆ ఆలోచన మానుకున్నాం.

4. భారాలు, లెక్కలు

సాధారణ తవ్వకంలో గోడ కాస్త కదిలి మట్టి ఒత్తిడి తగ్గనివ్వడం మామూలే. ఇక్కడ ఆ కదలికను భవనం భరించాల్సి వస్తుంది కనుక, సక్రియ ఒత్తిడి గుణకానికి బదులు నిశ్చల స్థితి గుణకాన్నే వాడాం: `K0 = 1 - sin 30° = 0.5`. స్ట్రట్లున్న తవ్వకాలకు వాడే దీర్ఘచతురస్రాకార ఒత్తిడి పటం ప్రకారం `0.65 × 0.5 × 19 × 4.0 = 24.7 kPa`. భవనానికీ అంచుకూ మధ్య పట్టీపై 10 కిలోపాస్కల్స్ ఉపరితల భారం వల్ల మరో 5.0 కిలోపాస్కల్స్ వస్తుంది.

పునాది రేఖా భారం వల్ల వచ్చే అడ్డు తోపును దాని అడుగు నుంచి తవ్వకం అడుగు వరకు ఉన్న 2.6 మీటర్ల ఎత్తుపై లెక్కించాం. పునాది మధ్యరేఖ దూరం 1.65 మీటర్లు కాబట్టి `m = 1.65/2.6 = 0.635`, తోపు `0.64 × 90/(m² + 1) = 41 kN/m`. దీన్ని ఆ ఎత్తు మీద సమంగా పరిస్తే 15.8 కిలోపాస్కల్స్. కనుక పై 1.4 మీటర్లలో 29.7, ఆ కింద 45.5 కిలోపాస్కల్స్ డిజైన్ ఒత్తిడి.

కింది స్ట్రట్‌కు 1.7 మీటర్ల లోతు నుంచి అడుగు వరకూ మొత్తం భారాన్ని అప్పగించాం. అడుగు మట్టి పంచుకునే భాగాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే చివరి పొర తవ్వేటప్పుడు అక్కడక్కడా ఎక్కువ లోతు పోవడం ఏ సైట్‌లోనైనా జరిగేదే. అలా మీటరుకు 105, స్ట్రట్‌కు 378 కిలోన్యూటన్లు వచ్చాయి. పై స్ట్రట్‌కు మీటరుకు 55 సరిపోయేది. మెట్ల గది దగ్గర పునాది 1.1 మీటర్లకే ఉన్నందున అక్కడ 59.5 అవుతుంది. అందుకే అన్నిచోట్లా 60 తీసుకుని స్ట్రట్‌కు 216 కిలోన్యూటన్లుగా నిర్ణయించాం.

ఎండ వల్ల స్ట్రట్ వ్యాకోచించి పుట్టే బలాన్ని, రెండు కొసలూ సగం మేరకు బిగిసి ఉన్నాయన్న అంచనాతో, పై వరుసకు 20 డిగ్రీల తేడాకు 160, నీడలో ఉండే కింది వరుసకు 10 డిగ్రీలకు 80 కిలోన్యూటన్లుగా కలిపాం. కింది స్ట్రట్‌పై మొత్తం 458, 1.5 భార గుణకంతో 687 కిలోన్యూటన్లు. బక్లింగ్‌ను లెక్కలోకి తీసుకున్నాక గొట్టం సామర్థ్యం 1269 కిలోన్యూటన్లు. 27 మిల్లీమీటర్ల ఉత్కేంద్రత, సొంత బరువు కలిపి చూస్తే వినియోగం 0.83. బకెట్ తగలడం లాంటి ప్రమాదానికి స్ట్రట్ మధ్యలో 10 కిలోన్యూటన్ల అడ్డు భారం పెట్టి చూసినా 0.72 దాటలేదు.

వేలింగ్‌లో గుణిత వంపు బలం 204 కిలోన్యూటన్-మీటర్లు, సామర్థ్యం 267. లోపలి స్ట్రట్ ఒకటి పోయిన స్థితిలో వేలింగ్ 7.2 మీటర్ల మేర సాగుతుంది. ఆ ఒక్క స్థితికే అడుగు మట్టి సాయాన్నీ ప్లాస్టిక్ వంపునూ అనుమతించి చూస్తే 248 వచ్చింది. నిలుస్తుంది కానీ మిగులు తక్కువ. కాబట్టి స్ట్రట్ దెబ్బతిన్న వెంటనే తవ్వకం ఆపి కొత్తది బిగించాలే తప్ప, ఈ లెక్క చూపి పని కొనసాగించకూడదు.

సోల్జర్ పైల్‌కు అన్నిటికన్నా కఠినమైన ఘడియ పూర్తి లోతు తవ్వినప్పుడు రాదు. పై స్ట్రట్ మాత్రమే ఉండి, కింది స్ట్రట్ బిగించేందుకు 3.1 మీటర్ల వరకు తవ్వినప్పుడు పైల్ 2.9 మీటర్ల పొడవున వంగుతుంది. అప్పుడు గుణిత వంపు బలం 86, సామర్థ్యం 106 కిలోన్యూటన్-మీటర్లు. వంపు సుమారు 5 మిల్లీమీటర్లు. కనుక 3.1 మీటర్లనేది ఈ డిజైన్‌లో దాటరాని హద్దు.

5. అసమాన భారం, యార్డ్ వైపు షరతులు

భవనం వైపు తోపు యార్డ్ వైపు కన్నా ఎక్కువ. ఆ తేడా, అంటే మీటరుకు సుమారు 41 కిలోన్యూటన్లు, స్ట్రట్ల గుండా యార్డ్ వైపు మట్టిలోకి వెళ్తుంది. అంటే భవనాన్ని కొంత మేరకు మోస్తున్నది ఎదుటి ఒడ్డున ఉన్న నేల. దాని ప్రతిఘటన అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువే, కానీ అది అక్కడ ఉండాలి: యార్డ్ వైపు అంచు నుంచి 6 మీటర్ల లోపు ఎలాంటి కాలువ గానీ గొయ్యి గానీ తవ్వకూడదు. యంత్రం అంచుకు కనీసం 1.5 మీటర్ల దూరంలో నిలవాలి, దాని భారం 20 కిలోపాస్కల్స్ మించకూడదు. భవనం వైపు పట్టీ మీద యంత్రాలు, ఇసుక, ఉక్కు ఏవీ పెట్టరాదు.

ఆ పట్టీలోనే భవనపు మురుగు పైపు ఉంది. పైల్స్ మొదలయ్యే ముందే దాన్ని దారి మళ్లించాలి. ఈ గోడను నీటి ఒత్తిడికి డిజైన్ చేయలేదు. పలకల సందుల్లోంచి నీరు కారిపోతుందన్నది అంచనా. కానీ పైపు పగిలి కారే నీరు ఇసుకను కూడా తీసుకుపోతుంది, దాంతో పునాది కింద ఖాళీ ఏర్పడుతుంది.

6. పని క్రమం

పైల్స్ వేశాక 1.3 మీటర్ల వరకు తవ్వి పై వేలింగ్, స్ట్రట్లు బిగించి, ఒక్కో స్ట్రట్‌ను జాక్‌తో 100 కిలోన్యూటన్లకు ముందుగా నొక్కాలి. ఆపై 3.1 మీటర్ల వరకు వెళ్లాలి. పునాది అడుగు దాటాక లాగింగ్‌ను 0.6 మీటర్ల కన్నా ఎక్కువ ఎత్తున తెరవకూడదు, ఒక బే వదిలి ఒక బే చొప్పున తవ్వాలి, తెరిచిన ప్రతి బేలో పలక వెనక సందును అదే రోజు పలుచని సిమెంట్-ఇసుక గ్రౌట్‌తో నింపాలి. పగలు తెరిచిన ముఖం రాత్రికి తెరిచి ఉండకూడదు. కింది స్ట్రట్లను 190 కిలోన్యూటన్లకు నొక్కాకే 4.0 మీటర్లకు దిగాలి.

అడుగున 50 మిల్లీమీటర్ల పలుచ కాంక్రీట్, 350 మిల్లీమీటర్ల శ్లాబ్ రెండు వైపులా లాగింగ్‌కు గట్టిగా ఆనేలా పోయాలి. క్యూబ్ పరీక్షలో 20 మెగాపాస్కల్స్ వచ్చాకే కింది స్ట్రట్లు తీయాలి. అప్పుడు పైల్ వంపు పొడవు 2.8 మీటర్లు, అంటే ముందు చూసిన 2.9 లోపే. తర్వాత శాశ్వత గోడను 1.1 మీటర్ల లోతు వరకు లేపి, దాని వెనక పలుచ కాంక్రీట్ నింపి, పై స్ట్రట్లు తీయాలి. ఆ స్థితిలో గోడ అడుగు శ్లాబ్ నుంచి కాంటిలివర్‌గా నిలవగలదని శాశ్వత నిర్మాణ డిజైనర్ రాతపూర్వకంగా ధ్రువీకరించారు.

7. పరిశీలన

పని మొదలయ్యే ముందు భవనం లోపలా బయటా ఉన్న పగుళ్లను ఫొటోలతో నమోదు చేసి, యజమాని సంతకం తీసుకోవాలి. గోడ మీద ఆరు టార్గెట్లు, పైల్ తలల మీద ఐదు. తవ్వే రోజుల్లో రోజుకు రెండుసార్లు, ఒకటి ఉదయం చల్లగా ఉన్నప్పుడే, కొలతలు తీయాలి. ప్రతి వరుసలో రెండు స్ట్రట్లకు లోడ్ సెల్స్ ఉంటాయి.

పైల్ అడ్డు కదలిక 10 మిల్లీమీటర్లకు గానీ, భవనం కుంగుదల 6కు గానీ, కింది స్ట్రట్ బలం 366 కిలోన్యూటన్లకు గానీ చేరితే తవ్వకం వేగం తగ్గించి డిజైనర్‌కు తెలపాలి. 15 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్లు, 458 కిలోన్యూటన్లలో ఏది దాటినా తవ్వకం ఆపాలి, తెరిచిన బేలను తిరిగి మట్టితో నింపాలి, భవనంలోని వారిని ఆ వైపు గదుల నుంచి తరలించాలి. నీటిమట్టం 4.5 మీటర్ల లోతు కన్నా పైకి వచ్చినా ఇదే నియమం. ఈ మూడింటినీ వెంటనే అమలు చేసే అధికారం సైట్‌లోని తాత్కాలిక నిర్మాణాల సమన్వయకర్తది. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రతి తవ్వకం దశకూ, ప్రతి వరుస స్ట్రట్ల తొలగింపుకూ విడివిడిగా అనుమతి పత్రం జారీ కావాలి. స్ట్రట్ స్థానం 150 మిల్లీమీటర్లకు మించి మార్చాల్సి వచ్చినా, పునాది ఎక్కడైనా 1.1 మీటర్ల కన్నా తక్కువ లోతున కనిపించినా, ఈ ప్రకటన ఆ భాగానికి చెల్లదు. సవరించిన లెక్కలు తనిఖీ అయ్యేదాకా అక్కడ పని ఆగాలి.