ఏడో నోటు

ఒకటో తారీఖున కోటేశ్వరరావు కిరాణా కొట్టులో బేరం ఎక్కువ. తెల్లవారగానే సచివాలయం ఉద్యోగులు ఇంటింటికీ తిరిగి పింఛను డబ్బు చేతికిచ్చి వెళతారు కనుక, తెనాలి దగ్గరి ఆ పల్లెలో నెలంతా అరువు పెట్టిన ముసలివాళ్లు మధ్యాహ్నంలోపే వచ్చి పాత బాకీ తీర్చి సరుకులు పట్టుకుపోతారు.

ఆ రాత్రి తొమ్మిదింటికి షట్టరు సగం దించి గల్లాపెట్టె లెక్క చూసుకుంటే, పుస్తకంలో రాసిన దానికంటే 500 ఎక్కువ తేలింది. మళ్లీ లెక్కపెట్టాడు, అదే తేడా. తక్కువైతే ఏదో అరువు రాయడం మరిచానని సరిపెట్టుకునేవాడే గాని, ఎక్కువ రావడంతో అతనికి స్థిమితం లేకపోయింది. నోట్లను ఒక్కొక్కటిగా దీపం కిందికి తెచ్చి చూస్తుండగా, రెండు కొత్త 500 నోట్లు ఒకదానికొకటి అతుక్కుని కనిపించాయి. గోటితో విడదీశాడు. నంబర్లు వరుసగా ఉన్నాయి. రెండూ నాలుగు మడతలు పడి ఉన్నాయి, రెండింటి అంచునా ఒకేచోట పసుపు మరక ఉంది.

ఆ పూట కొంగుముడి విప్పి నోటు ఇచ్చింది చెరువుగట్టు వీధి మామ్మ ఒక్కతే. కందిపప్పు, నూనె, చింతపండు కలిపి 410 అయితే, 90 రూపాయల చిల్లర ఆమె చేతిలో పెట్టింది తానే.

పొద్దున్నే ఇవ్వవచ్చులే అనుకుని షట్టరు పూర్తిగా దించబోయి ఆగాడు. పింఛను 4,000, అంటే ఎనిమిది నోట్లు. కొట్లో ఒకటి ఇచ్చానని ఆమెకు గుర్తుంటుంది. ముడిలో ఏడుండాల్సిన చోట ఆరే కనబడితే అనుమానం కొట్టు మీదికి రాదు, వేలిముద్ర వేయించుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన ఆ సచివాలయం అమ్మాయి మీదికే పోతుంది. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని పిల్ల.

టార్చిలైటు తీసుకుని బయలుదేరాడు. మామ్మ అరుగు మీద ఇంకా మేలుకునే ఉంది. పక్కన చాప మీద ఆరు నోట్లు పరిచి, ఒక్కొక్క దాని మీదా ఒక చింతగింజ పెట్టి ఉంది.

“మామ్మా, నువ్వు పొద్దున నాకు రెండు నోట్లు ఇచ్చావు. అతుక్కుపోయి ఒకటిలా ఉంటే నేనూ చూసుకోలేదు,” అంటూ నోటు చాప మీద పెట్టాడు.

ఆమె దాన్ని రెండు వేళ్లతో నలిపి, వెలుతురులో తిప్పి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నోట్లన్నీ పోగుచేసి కొంగున ముడివేసుకుంది.

“ఆ పిల్లే ఒకటి తగ్గించి ఇచ్చిందని సాయంత్రం పక్కింట్లో అనేశాను నాయనా,” అంది, గోడ పట్టుకుని లేస్తూ. “వాళ్లు పడుకోకముందే వెళ్లాలి. ఆ లైటు కాస్త ముందు వెయ్యి.”