మీ ఆర్డర్ వివరాలు బయటికి పోయాయి, మా పేరుతో ఫోన్లు వస్తే డబ్బు కట్టకండి

నమస్కారమండి,

ఆత్రేయపురం నుంచి, మీరు పూతరేకులు తెప్పించుకున్న దుకాణం వాళ్లం. మా పొరపాటు వల్ల మీ వివరాలు కొన్ని మోసగాళ్ల చేతికి చిక్కాయి. క్షమించండి.

జనవరి 9న పండగ పార్సిళ్ల హడావుడిలో ఉండగా, కొరియర్ వాళ్లు పంపినట్టు ఒక దొంగ మెయిల్ వచ్చింది. మా కుర్రాడు నిజమే అనుకుని అందులోని లింకు నొక్కి, మా ఆర్డర్ల ఖాతా పాస్‌వర్డ్ టైప్ చేసేశాడు. ఆ రాత్రే ఎవరో లోపలికొచ్చి, అక్టోబరు 1 నుంచి వచ్చిన ఆర్డర్ల జాబితా మొత్తం దించుకున్నారు. కుర్రాణ్ణి అనడానికేం లేదు. అందరం ఒకే పాస్‌వర్డ్ వాడుకుంటూ, ఓటీపీ కూడా పెట్టుకోకుండా నడిపించింది మేమే. 12న రాజమండ్రి నుంచి ఒకావిడ ఫోన్ చేసి అడిగేదాకా మాకు సంగతే తెలియదు. అదే రోజు పాస్‌వర్డ్‌లు మార్చి, ఎవరి లాగిన్ వాళ్లకిచ్చి, ఓటీపీ పెట్టాం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కీ, సైబర్ క్రైమ్ పోలీసులకీ తెలియజేశాం.

పోయినవి: మీ పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, అడ్రసు (రామాలయం పక్క సందు లాంటి గుర్తులతో సహా), ఏం కొన్నారు, ఎంత కట్టారు. కార్డు నంబర్లు, యూపీఐ పిన్ మా దగ్గర ఉండవు కాబట్టి అవి పోలేదు.

అమ్మాయి అత్తారింటికి సారె పంపినవాళ్లు మాత్రం ఇంకో పని చేయాలి. అక్కడి పేరు, నంబరు, అడ్రసు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ముక్కూమొహం తెలియని మేం ఫోన్ చేస్తే వాళ్లు మమ్మల్నే దొంగలనుకుంటారు. దయచేసి మీరే ఒక మాట చెప్పండి.

ఇప్పుడు వస్తున్న ఫోన్లు ఇలా ఉంటున్నాయి: "మీ బెల్లం పూతరేకుల పార్సిల్ ఆగిపోయిందండి, అడ్రసు సరిచేయడానికి 5 రూపాయలు కట్టండి" అని లింకు పంపుతారు. మీరు కొన్నది సరిగ్గా చెబుతారు గనక నమ్మబుద్ధవుతుంది. ఆ 5 రూపాయల కోసం కాదు, కార్డు వివరాల కోసం. ఇంకొందరు "రిఫండ్ ఇస్తాం, పిన్ కొట్టండి" అంటున్నారు. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదండి. లింకు నొక్కకండి, ఓటీపీ చెప్పకండి, వాళ్లు చెప్పిన యాప్ ఏదీ వేసుకోకండి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత మీ బ్యాంకుకి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే వీలు అంత ఎక్కువ. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఈ మెయిల్లో కావాలనే మా నంబరు పెట్టలేదు. పూతరేకుల పెట్టె మీద అచ్చయిన నంబరుకే ఫోన్ చేయండి. ఉదయం 8 నుంచి రాత్రి 9 దాకా ఇంట్లోవాళ్లమే ఎత్తుతాం. మీ వివరాలు మా దగ్గర్నుంచి తీసేయమన్నా తీసేస్తాం.

ఇట్లు,
దుకాణం యజమాని,
ఆత్రేయపురం