దసరా సేల్ 2026: షాపులో అందరికీ

అందరికీ నమస్కారం.

ఈసారి విజయదశమి అక్టోబర్ 20, మంగళవారం. సేల్ అక్టోబర్ 1న మొదలుపెట్టి 17 రాత్రికి ఆపేద్దాం. ఇంకా రెండు నెలలుంది కదా అనుకోకండి. పోయినేడాది అలా అనుకునే, గుంటూరులో ఒకావిడకి కూతురి చీర పండగ వెళ్లిన మూడో రోజు అందించాం. ఆవిడ తిట్టలేదు. "పాత చీరే కట్టుకుందమ్మా పిల్ల" అంది, అంతే. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

మంగళగిరి నేత చీరలు 250 కావాలి. వానలకి గుంట మగ్గాల్లో చెమ్మ చేరి నేత నెమ్మదిస్తుంది. సెప్టెంబర్‌లో ఫోన్ చేసి ఇంకో యాభై పంపమంటే పని జరగదు. 180కి అడ్వాన్స్ ఇచ్చేశాను. మిగతా 70 చీరల రంగులు ఈ శనివారం కూర్చుని తేల్చేద్దాం. కిందటిసారి లేత రంగులు మిగిలిపోయాయి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మొదటి వారంలోనే అయిపోయాయి. పిల్లల పట్టు లంగాలు 60 చాలు. సెప్టెంబర్ 20కల్లా సరుకంతా లెక్కపెట్టి ఆన్‌లైన్‌లో పెట్టాలి. కౌంటర్‌లో అమ్మిన చీరని అప్పటికప్పుడే ఆన్‌లైన్ నుంచి తీసేయండి.

నేత చీరల మీద డిస్కౌంట్ లేదు. తగ్గిస్తే చివరికి ఆ భారం నేసినవాళ్ల మీదే పడుతుంది. బదులుగా ఫాల్, పీకో ఉచితం. మన ఇద్దరక్కలూ కలిసి రోజుకి 30 చీరలే కుట్టగలరు కాబట్టి, ఈ ఆఫర్ రోజుకి మొదటి 30 ఆర్డర్లకే. ఈ మాట ఆఫర్ పోస్టర్‌లోనే పెద్దక్షరాలతో రాయండి. మిల్లు కాటన్ చీరల మీద పది శాతం తగ్గింపు.

పండగలోపు అందాలంటే ఆఖరి ఆర్డర్ బయటి రాష్ట్రాలకి అక్టోబర్ 9, ఆంధ్ర, తెలంగాణలకి 13, విజయవాడ, గుంటూరులకి 17. అన్నీ మధ్యాహ్నం పన్నెండు వరకే. ఫాల్ ఉంటే రెండు రోజులు ముందు. బ్లౌజ్ కుట్టాలంటే ఎవరికైనా సెప్టెంబర్ 28 ఆఖరు. తెలిసినవాళ్లు బతిమాలినా ఈ తేదీలు మారవు. నవరాత్రుల్లో అమ్మవారి దర్శనానికొచ్చే జనంతో వన్‌టౌన్‌లో ట్రాఫిక్ మళ్లిస్తారు, మూలా నక్షత్రం రోజైతే బండి కదలదు. అందుకని 10వ తేదీ నుంచి ప్యాకింగ్ పటమట గదికి మారుస్తున్నాం.

వాట్సాప్‌కి ఇద్దరు: ఒకరు ఉదయం 9 నుంచి 3, ఇంకొకరు 3 నుంచి రాత్రి 9. ఎక్కువమంది అడిగేది "నా పార్సిల్ ఎక్కడ?" అనే. కాబట్టి వాళ్లు అడక్కముందే రోజూ సాయంత్రం 6కి ట్రాకింగ్ లింకులు పంపేయండి. ఆలస్యమైతే దాచకుండా ఇలా రాయండి: "అమ్మా, మీ చీర ఒక రోజు ఆలస్యమయ్యేలా ఉంది. వద్దనుకుంటే డబ్బు ఈ రోజే వెనక్కి వేస్తాం." 500 రూపాయల లోపు రీఫండ్‌కి నన్ను అడగక్కర్లేదు. మార్పిడులు అక్టోబర్ 31 వరకు తీసుకుందాం.

ఎవరికి ఏ రోజు సెలవు కావాలో ఆగస్టు 25 లోపు చెప్పండి. విజయదశమి రోజు షాపు తెరవం.