జాతీయాలు, సామెతలు: ఆదివారం ప్రాక్టీస్ టెస్ట్ (కీ, వివరణతో)

టెట్, డీఎస్సీ బ్యాచ్ వాళ్ళందరికీ. పోయిన వారం టెస్ట్‌లో చాలామంది మార్కులు పోగొట్టుకుంది వ్యాకరణంలో కాదు, జాతీయాల్లో. మాట చూడగానే కళ్ళముందు ఒక బొమ్మ వస్తుంది కదా, పేపర్ సెట్ చేసేవాళ్ళు ఆ బొమ్మనే ఒక ఆప్షన్‌గా పెడతారు, మనం సంబరంగా దాన్నే టిక్ పెట్టేస్తాం. ఈ తొమ్మిదీ పది నిమిషాల్లో చేయండి, కీ ముందే చూడొద్దు. టెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదిలేయకండి.

1. మా పెదనాన్న చేతికి ఎముక లేదు.
అ) బలహీనుడు ఆ) బద్ధకస్తుడు ఇ) బాగా దానం చేసేవాడు ఈ) చెయ్యి విరిగినవాడు

2. పోలీసుల్ని చూడగానే దొంగ కాళ్ళకి బుద్ధి చెప్పాడు.
అ) తప్పు తెలుసుకున్నాడు ఆ) పారిపోయాడు ఇ) కాళ్ళు పట్టుకున్నాడు ఈ) కదలకుండా నిలబడ్డాడు

3. పక్కింటివాళ్ళు మేడ కడుతుంటే వీళ్ళు కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నారు.
అ) కోపం ఆ) దుఃఖం ఇ) భయం ఈ) అసూయ

4. సరోజమ్మ ఆ వీధికంతటికీ తలలో నాలుక.
అ) అందరికీ కావలసిన మనిషి ఆ) వాగుడుకాయ ఇ) చాడీలు చెప్పేది ఈ) అందరి మీదా అరిచేది

5. ఇల్లంతా గోలగా ఉంటే వాడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.
అ) హుషారుగా ఆ) ఏడుస్తూ ఇ) ఏమీ పట్టనట్టు ఈ) దాహంతో

6. వాడు నక్క తోక తొక్కాడు.
అ) మోసపోయాడు ఆ) అదృష్టం కలిసొచ్చింది ఇ) ప్రమాదంలో పడ్డాడు ఈ) జిత్తులు నేర్చాడు

7. నువ్వు చేసేది శల్యసారథ్యం.
అ) నేర్పుగా బండి నడపడం ఆ) నమ్మకంగా సేవ చేయడం ఇ) దారి తప్పడం ఈ) పక్కనే ఉండి నీరుగార్చడం

8. వాళ్ళు దొరగారి అడుగులకు మడుగులొత్తుతారు.
అ) బురద చల్లుతారు ఆ) అతిగా సేవలు చేస్తారు ఇ) అడ్డుపడతారు ఈ) వెంట తరుముతారు

9. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?
అ) పదునైన వస్తువుతో జాగ్రత్త ఆ) సంబంధం ఉన్నవాడికే లేని బాధ మధ్యవాడికెందుకు ఇ) చెడు సావాసం ఈ) చిన్న సమస్యకి పెద్ద మందు

కీ: 1-ఇ, 2-ఆ, 3-ఈ, 4-అ, 5-ఇ, 6-ఆ, 7-ఈ, 8-ఆ, 9-ఆ

ఇప్పుడు వివరణ. 1, 2 తేలికే. రెండోదాంట్లో 'బుద్ధి' చూసి అ పెట్టినవాళ్ళు వాక్యంలో దొంగ, పోలీసులు ఎందుకున్నారో ఒక్క క్షణం ఆలోచించండి.

మూడోది అసలైన ఉచ్చు. కళ్ళు, నిప్పులు అనగానే కోపం అనుకుంటాం, ఎందుకంటే 'కళ్ళు నిప్పులు చెరిగాయి' అని కూడా ఉంది, దానికి అర్థం కోపమే. కానీ చెరగడం వేరు, పోసుకోవడం వేరు. కళ్ళలోంచి బయటికి వస్తే కోపం, తన కళ్ళలో తనే పోసుకుంటే ఎదుటివాడి బాగు చూడలేని అసూయ. ఒక్క క్రియ మారితే అర్థమే మారిపోయింది, అందుకని క్రియ కింద గీత గీసి చదవండి.

నాలుగోదాంట్లో నాలుక ఉంది కదా అని వాగుడు అనుకోకండి, ఇది మెచ్చుకోలు. తలలో నాలుక అంటే అందరి పనుల్లో సాయంగా ఉండి, ఆమె లేకపోతే జరగదు అనిపించుకున్న మనిషి.

ఐదోదానికి ఒకమ్మాయి నన్నడిగింది, "సార్, నిమ్మచెట్టుకి నీళ్ళు పోస్తే ఏపుగా పెరుగుతుంది కదా, హుషారు ఎందుకు కాదు?" అని. మంచి ప్రశ్నే అమ్మా, కానీ ఈ మాట మన ఇళ్ళలో ఎప్పుడు వాడతారో గుర్తు తెచ్చుకో, "ఇంత జరుగుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావేంట్రా" అని విసుక్కుంటారు గానీ, హుషారుగా ఉన్నవాణ్ణి ఎవరూ అలా అనరు.

నక్క అనగానే జిత్తులు గుర్తొస్తాయి, ఇక్కడ మాత్రం అదృష్టమే.

ఏడు కథ తెలిస్తే ఎప్పటికీ తప్పదు. శల్యుడు మద్రరాజు, నకుల సహదేవుల మేనమామ. దుర్యోధనుడి ఆతిథ్యానికి చిక్కి కౌరవుల వైపు చేరినా, కర్ణుడి ధైర్యం దెబ్బతీస్తానని ధర్మరాజుకి మాటిచ్చాడు. రథం తోలుతూనే కర్ణుణ్ణి తక్కువ చేసి మాట్లాడుతుంటాడు.

ఎనిమిదిలో మడుగు అంటే చెరువు కాదు, బట్ట. నడిచే పాదాల కింద బట్టలు పరిచేంత సేవ అన్నమాట.

కంద తరిగితే చేతులు దురద పెడతాయి, ఆ దురద కందకే లేనప్పుడు తరిగే కత్తిపీటకి ఎందుకు అని అడగడం. అ పెట్టినవాళ్ళు కత్తిని చూశారు, 'ఎందుకు' అన్న మాటని చూడలేదు.

తప్పు పోయినవాటికి మీ ఇంట్లో మాట్లాడుకునే సొంతవాక్యం ఒక్కోటి రాసి మంగళవారం క్లాసుకి తీసుకురండి, నేను ఒక్కొక్కటీ చూస్తాను.