రిమార్క్స్

మిగతా వాళ్లందరికీ మెయిళ్లు వెళ్లిపోయాయి. టెంప్లేట్ తెరవడం, పేరు మార్చడం, సెండ్ నొక్కడం. అప్పలరాజు పేరు దగ్గరికొచ్చేసరికి స్వాతి చెయ్యి ఆగింది.

రాత్రి పదకొండున్నర దాటింది. ఎంవీపీ కాలనీలో ఆ లేడీస్ హాస్టల్ గదికి సముద్రం దగ్గరే అయినా గాలి మాత్రం రాదు, ఉక్కపోతే వస్తుంది. పక్క మంచం మీద లావణ్య దుప్పటి తన్నేసి పడుకుంది. ఇంటర్వ్యూ అయిన రెండు రోజుల్లో జవాబు పంపాలని ఆఫీసు రూలు. ఆ గడువు ఈ అర్ధరాత్రితో సరి.

‘మీ ప్రొఫైల్ మాకు ఎంతో నచ్చింది. అయితే ప్రస్తుత అవసరాల దృష్ట్యా ఇతర అభ్యర్థులతో ముందుకు వెళ్లాలని నిర్ణయించాం. మీ వివరాలు మా వద్ద భద్రంగా ఉంటాయి.’

భద్రంగానే ఉంటాయి. ఆ ఎక్సెల్ షీట్‌ని ఎవరూ తెరవరు కాబట్టి. చివరి వాక్యం కొట్టేసింది.

ఉద్యోగం మధురవాడలో. ఇన్సూరెన్స్ కస్టమర్లతో తెలుగులో ఫోన్ మాట్లాడే పని. అందుకే వీళ్ల మెయిళ్లు కూడా తెలుగులోనే. అప్పలరాజు పలాసలో మీసేవ కౌంటర్ మీద కూర్చుని వచ్చినవాడు. మాక్ కాల్‌లో ట్రైనర్ ముసలావిడలా గొంతు మార్చి, ఆస్పత్రిలో క్లెయిమ్ ఆగిపోయిందని ఏడ్చింది. మిగతా వాళ్లంతా ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని మొదలెట్టారు. ఇతను మాత్రం, ‘కంగారు పడకమ్మా. నిదానంగా సెప్పు, నాను ఇంటన్నాను’ అన్నాడు. ట్రైనర్ ఒక్క క్షణం ఏడుపు మరిచిపోయింది. తర్వాత కార్డు నంబరు, ఆస్పత్రి పేరు, డాక్టరు రాసిన కాగితం, అన్నీ వరసగా రాబట్టేశాడు.

స్కోర్ షీట్‌లో ఓపికకి పదికి తొమ్మిది. విషయం రాబట్టడానికి తొమ్మిది. న్యూట్రల్ యాసకి మూడు. అందులో ఆరు రాకపోతే మిగతావి ఎన్నొచ్చినా లెక్కలోకి రావు.

‘కమ్యూనికేషన్ స్కిల్స్ ఆశించిన స్థాయిలో లేనందున’ అని టైప్ చేసింది. చదువుకుని, ఛ అనుకుంది. అతనికి లేకపోతే ఇంకెవరికున్నట్టు? చెరిపేసింది.

‘దురదృష్టవశాత్తు’. అదృష్టానికి ఇందులో ఏం పని? యాసకి మార్కులు పెట్టింది మనుషులు కదా. అదీ పోయింది.

‘ఆరు నెలల తర్వాత మళ్లీ ప్రయత్నించవచ్చు.’ ఈ వాక్యం కాస్త దయగా కనిపించింది. కానీ ఆరు నెలల్లో అతను మార్చుకోవలసింది ఏమిటి? స్వాతికి తెలుసు. టెక్కలి నుంచి వచ్చి వైజాగ్‌లో డిగ్రీలో చేరిన కొత్తలో, క్యాంటీన్‌లో ‘ఏటి’ అన్నందుకు బల్లంతా నవ్వింది. ఆ ఏడాదంతా మాట్లాడే ముందు ప్రతి మాటా లోపల ఒకసారి సరిచూసుకుని బయటికి వదిలేది. ఇప్పుడు సరిచూసుకోనక్కర్లేదు. ఫోన్లో అమ్మే అంటుంది, ‘టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతన్నావేటే?’ అని.

“ఇంకా పంపలేదా?” లావణ్య కళ్లు తెరవకుండానే అడిగింది. “టెంప్లేట్ పెట్టి పారేయవే. వాళ్లు మొదటి లైను చూసి మూసేస్తారు.”

“ఇతను మొత్తం చదువుతాడు.”

“అయితే ఇంకా చిన్నగా రాయి.”

అదీ నిజమే అనిపించింది. ఉన్నదంతా కొట్టేసి మళ్లీ మొదలెట్టింది.

‘అప్పలరాజు గారికి, ఈ ఉద్యోగానికి మిమ్మల్ని తీసుకోవడం లేదు. కారణం మీ యాస. మా స్కోరింగ్‌లో దానికి కనీస మార్కులు రావాలి, మీకు రాలేదు. మాక్ కాల్‌లో ఓపికకి, విషయం రాబట్టడానికి మీకు పదికి తొమ్మిదేసి వచ్చాయి. బ్యాచ్‌లో అవే ఎక్కువ. వేరే చోట ఇంటర్వ్యూకి వెళ్తే ఈ సంగతి చెప్పండి. స్వాతి, రిక్రూట్‌మెంట్.’

‘కారణం మీ యాస’ని ‘కారణం యాస’ చేసింది. మళ్లీ చూసి, ‘కారణం మేము యాసకి పెట్టుకున్న కొలత’ అని మార్చింది. సెండ్ నొక్కింది.

ట్రాకర్‌లో ఎంట్రీ మిగిలింది. తిరస్కరణకి కారణం అన్న చోట నొక్కితే నాలుగే వచ్చాయి: కమ్యూనికేషన్, జీతం కుదరలేదు, అభ్యర్థికి ఆసక్తి లేదు, ఇతరం. అందరూ మొదటిదే నొక్కుతారు, ఎవరూ ఏమీ అడగరు. ‘ఇతరం’ నొక్కితే రిమార్క్స్ రాయందే సేవ్ అవ్వదు. పైగా ‘ఇతరం’ కింద పడినవన్నీ సోమవారం రివ్యూలో మేనేజరు ఒక్కొక్కటీ పైకి చదివిస్తాడు, రాసినవాళ్ల చేతే.

‘ఇతరం’ నొక్కింది. రిమార్క్స్‌లో రాసింది: ‘శ్రీకాకుళం యాస. మన కస్టమర్లలో శ్రీకాకుళం వాళ్లు ఎంతమంది?’

సేవ్ అయింది.