హనుమకొండ, ఆదిలాబాద్‌లలో మధ్యాహ్నపు ఎండను కొలిచి భూమి చుట్టుకొలతను అంచనా వేయడం

సంగ్రహం

సులువుగా దొరికే సామగ్రితో, ఉత్తర తెలంగాణ దాటి వెళ్లకుండా, భూమి చుట్టుకొలతను ఎంత కచ్చితంగా అంచనా వేయవచ్చో తేల్చుకోవడం ఈ అధ్యయన లక్ష్యం. 2024 డిసెంబరు 22న హనుమకొండలోను, ఆదిలాబాద్‌లోను, మట్టం సరిచూసిన పలకకు 100 సెం.మీ. ఎత్తున సన్నని రంధ్రం గల రేకును బిగించి, ఆ రంధ్రం గుండా పలకపై పడిన సూర్యబింబం కేంద్రాన్ని మధ్యాహ్నం 12.00 నుంచి 12.24 వరకు రెండు నిమిషాలకొకసారి గుర్తించాము. రంధ్రానికి సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి బింబ కేంద్రానికి కనిష్ఠ దూరం హనుమకొండలో 88.2 సెం.మీ., ఆదిలాబాద్‌లో 93.7 సెం.మీ. వచ్చింది. దీన్నిబట్టి సూర్యుడు నడినెత్తి నుంచి వాలిన కోణాలు వరుసగా 41.41, 43.14 డిగ్రీలు; వాటి తేడా 1.73 డిగ్రీలు. రెండు చోట్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం 185 కి.మీ. కాబట్టి భూమి చుట్టుకొలత 38,500 ± 1,000 కి.మీ.గా తేలింది. ధ్రువాల మీదుగా ఉన్న అసలు చుట్టుకొలత 40,008 కి.మీ. కంటే ఇది 3.8 శాతం తక్కువ. ఇంత కొద్ది దూరంలోనూ ఈ పద్ధతి పనిచేస్తుందని, దాని కచ్చితత్వానికి హద్దు పెట్టేది ప్రధానంగా పలక మీది ఒక్క మిల్లీమీటరేనని నిర్ధారించాము.

సంగ్రహానికి జతపరచిన వివరణ

సంగ్రహం 200 పదాలు మించరాదని, అందులోని అంకెలు ఎలా వచ్చాయో విడి కాగితంపై రాసి పంపాలని విద్యార్థి సదస్సు నిర్వాహకులు కోరినందున ఈ వివరణను జతచేస్తున్నాము.

చుట్టుకొలత లెక్క ఒక్క వరుసలో అయిపోతుంది:

```
360 / 1.73 × 185 = 38,497
```

చివరి 97కు మా కొలతలో ఆధారం లేదు కనుక దాన్ని 38,500గా రాశాము. శ్రమంతా ఆ 1.73ను రాబట్టడంలోనే ఉంది. ప్రాచీన కాలంలో ఇదే రీతిలో భూమి చుట్టుకొలతను అంచనా వేసిన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్‌కు, ఈజిప్టులోని సైయీన్, అలెగ్జాండ్రియా నగరాల మధ్య దొరికిన కోణం 7.2 డిగ్రీలు, అంటే వృత్తంలో యాభయ్యో వంతు. మా కోణం అందులో పావు వంతు కూడా లేదు. కర్ర నాటి నీడను కొలిచే మామూలు పద్ధతి ఇంత చిన్న కోణానికి చాలదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల కర్ర నీడ కొస సెంటీమీటరుకు పైగా మసకబారి, ఎక్కడ ముగుస్తున్నదో ఇద్దరు ఒకే మాట చెప్పలేరు. రేకుకు 3 మి.మీ. రంధ్రం పెడితే నీడకు బదులు సూర్యుడి ప్రతిబింబమే పలక మీద పడుతుంది. అది సుమారు 2 సెం.మీ. పొడవు, ఒకటిన్నర సెం.మీ. వెడల్పు గల కోడిగుడ్డు ఆకారపు వెలుగు మచ్చ. దాని రెండు కొసలనూ గుర్తించి మధ్య బిందువు తీసుకుంటే, వేర్వేరు విద్యార్థులు పెట్టిన గుర్తులు 1 మి.మీ. లోపే కలిశాయి.

రంధ్రానికి సరిగ్గా కింది బిందువును మేస్త్రీలు వాడే గుండు, దారంతో గుర్తించాము. రేకును పట్టి ఉంచే స్టాండు కాస్త ఒరిగినా నష్టం లేదు. ఎత్తునూ దూరాన్నీ ఆ దారం నుంచే కొలుస్తాము కనుక. నష్టమంతా అడుగున ఉంటుంది. వాన నీళ్లు గొట్టం వైపు పారడానికి డాబా గచ్చును వాలుగా పోస్తారన్నది అందరికీ తెలిసినదే. ఆ వాలు మీటరుకు ఒక సెంటీమీటరు ఉందనుకుంటే, అది 0.57 డిగ్రీ అవుతుంది. మేము కొలవబోయే 1.73లో మూడో వంతు ఆ గచ్చే మింగేస్తుంది. అందుకే గచ్చు మీద నేరుగా గీయకుండా, ప్లైవుడ్ పలక పరచి, కింద అట్టముక్కలు దోపి, రసమట్టంతో రెండు దిక్కులా సరిచేసి, ఆ తర్వాతే కొలతకు దిగాము.

స్థానిక మధ్యాహ్నం ఆ రోజు హనుమకొండలో సుమారు 12.10కి, దానికి పడమరగా ఉన్న ఆదిలాబాద్‌లో 12.14కు వస్తుంది. గడియారంలో పన్నెండు కొట్టగానే కొలిస్తే చాలదా అని మాలో కొందరు మొదట అడిగారు. నాలుగు నిమిషాల తేడా వల్ల వచ్చే దోషం 0.01 డిగ్రీయే గానీ, పావుగంట తేడా వస్తే అది 0.16 డిగ్రీకి పెరుగుతుంది. పన్నెండు దాటిన దగ్గర నుంచి గుర్తులు పెట్టుకుంటూ పోయి, వాటిలో అతి తక్కువ దూరాన్ని తీసుకుంటే, ఎవరి చేతి గడియారం ఎంత ముందున్నా వెనకున్నా ఫలితం మారదు.

185 కి.మీ. అన్నది రోడ్డు దూరం కాదు, రెండు ఊళ్ల మధ్య సూటి దూరమూ కాదు. ఆదిలాబాద్ హనుమకొండకు ఉత్తరంగానే కాక దాదాపు 110 కి.మీ. పడమరగా కూడా ఉంది. సూటి దూరం 215 కి.మీ. వేసుకుంటే చుట్టుకొలత 44,700కు ఎగబాకుతుంది. ఉత్తర దక్షిణ దూరాన్ని పటం మీది స్కేలుతో కొలిచాము. అక్షాంశాల తేడాను 111తో గుణిస్తే ఇదే అంకె క్షణంలో వస్తుంది గానీ, ఆ 111 భూమి చుట్టుకొలత నుంచి పుట్టినదే కనుక దాన్ని వాడడం దొంగ లెక్క అవుతుంది. పటం స్కేలు కూడా ఎవరో ముందే భూమిని కొలిచి ఇచ్చినదే కదా అని పరిశీలకులు అడిగితే, ఆ ఆక్షేపణ న్యాయమైనదే. 1802లో మద్రాసు దగ్గర బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ ఆధార రేఖ కొలవడంతో మొదలైన మహా త్రికోణమితి సర్వే వంటి పనుల మీదనే మన పటాలు నిలిచి ఉన్నాయి. మేము స్వయంగా కొలిచినది కోణాన్ని మాత్రమే.

ఇక ± 1,000 సంగతి. ఒక్కో చోట 1 మి.మీ. తప్పు చదివితే కోణంలో సుమారు 0.03 డిగ్రీ తేడా వస్తుంది. రెండు చోట్ల దోషాలనూ వర్గాల మొత్తానికి వర్గమూలంగా కలిపితే 0.044 డిగ్రీ, అంటే 1.73లో రెండున్నర శాతం. సైయీన్ అంత దూరం మాకు దొరికి ఉంటే ఇదే మిల్లీమీటరు దోషం 0.6 శాతానికి మించేది కాదు. అసలు విలువ మా హద్దుకు 500 కి.మీ. బయట ఉండడాన్ని దాచలేదు. ± 1,000లో మేము చేర్చినది చదివే దోషాన్నే. పలక మట్టంలో మీటరుకు 1 మి.మీ. తేడా మిగిలి ఉన్నా 0.06 డిగ్రీ వస్తుంది, చేతి రసమట్టం అంతకంటే సూక్ష్మంగా చూపుతుందని మేము హామీ ఇవ్వలేము. జవాబు ముందే తెలుసు కనుక అటువైపు మొగ్గే గుర్తులను ఏరుకోవడం కష్టమైన పని కాదు. అలా జరగకుండా, రెండు ఊళ్ల గుర్తులనూ కాగితంపై ఎక్కించి సంతకాలు చేశాకనే కోణాల లెక్క మొదలుపెట్టాము.

ముద్రణలో చోటు చాలక సంగ్రహాన్ని ఇంకా కుదించవలసి వస్తే, కోణాల వాక్యాన్ని తీసివేయవచ్చు, దూరాల నుంచి పాఠకులే వాటిని లెక్కగట్టుకోగలరు. ± 1,000ను మాత్రం 38,500 పక్కనే ఉంచవలసిందిగా కోరుతున్నాము.