పటాల తనిఖీ పట్టిక: మామిడి గుజ్జు యూనిట్, చిత్తూరు

ఫ్లో చార్టుకైనా, పైపుల పటానికైనా, కరెంటు లైన్ల పటానికైనా ఇదే పట్టిక. తోతాపురి సీజన్ మొదలయ్యేలోపు గోడ మీదున్న ప్రతి పటాన్నీ దీంతో చూడాలి. గీసినవారు తమ పటాన్ని తాము తనిఖీ చెయ్యకూడదు: వదిలేసిన గీత కూడా వాళ్ల కంటికి ఉన్నట్టే ఉంటుంది. ప్రతి ప్రశ్నకూ ‘సరే’, ‘సరిదిద్దాలి’, ‘వర్తించదు’ అని రాయండి.

ప్రయోజనం

☐ ఎవరికి, ఏ పనికి అన్నది శీర్షికలోనే తెలుస్తోందా? ‘ప్లాంటు పటం’ అంటే చాలదు. ‘పండ్ల లోడు దిగినప్పటి నుంచి డ్రమ్ము నింపేదాకా, షిఫ్టు ఆపరేటర్లకు’ అని ఉండాలి.

☐ గుజ్జు దారి, వైరింగు ఒకే షీటులో కలిపేశారా? అయితే విడదీయాలి.

ఈ రెంటిలో ఏది తప్పినా తనిఖీ అక్కడే ఆపి పటం వెనక్కి పంపండి.

గుర్తులు

☐ వాడిన ప్రతి గుర్తుకూ, గీతకూ సూచికలో అర్థం ఉందా? నిండు గీత గుజ్జు, తెగిన గీత ఆవిరి అనుకుంటే చివరిదాకా అదే ఉండాలి.

☐ గీతలు దాటుకునేచోట, కలిసేచోట తేడా తెలుస్తోందా? కలిసేచోట చుక్క తప్పనిసరి.

☐ నలుపు తెలుపు జిరాక్సులోనూ అర్థమవుతోందా? రంగు ఒక్కటే తేడా చూపితే జిరాక్సులో ఆవిరి లైనూ నీళ్ల లైనూ ఒకటైపోతాయి.

సంపూర్ణత

ఎక్కువ తప్పులు దొరికేది ఇక్కడే. తీరిగ్గా చూడండి.

☐ ప్రతి పెట్టెలోకి వచ్చేదీ, బయటికి పోయేదీ రెండూ ఉన్నాయా? పల్పర్ నుంచి గుజ్జు బాణం గీసి తొక్క, టెంక మరిచిపోవడం మామూలే. లెక్క కట్టి చూడండి: లోపలికి 10 టన్నుల పండ్లు, బయటికి 5 టన్నుల గుజ్జు అని ఉంటే మిగతా 5 టన్నులు ఎటు పోయాయో పటం చెప్పాలి.

☐ ‘బ్రిక్స్ 14 ఉందా?’ లాంటి ప్రతి ప్రశ్న నుంచీ ‘అవును’, ‘కాదు’ రెండు దారులూ బయల్దేరుతున్నాయా? ‘కాదు’ దారి ఎక్కడో ఒకచోట ముగుస్తోందా?

☐ కడిగే నీళ్లు, ఆవిరి చల్లారాక వచ్చే నీళ్లు, డ్రైనేజీ ఉన్నాయా?

పేర్లు

☐ పటం చేతపట్టుకుని లైను వెంట నడవండి. యంత్రం మీది పలకలో ‘పంపు 3’ అని ఉంటే పటంలోనూ అదే ఉండాలి. ఆఫీసులో కూర్చుని ఇది ‘సరే’ అనకూడదు.

☐ ప్రతి అంకె పక్కనా కొలమానం ఉందా? ఒత్తిడి ‘4’ అంటే బార్‌లోనా, చదరపు సెంటీమీటరుకు కిలోల్లోనా?

☐ ఎ3 ప్రింటులో అక్షరం ఎత్తు కనీసం 2.5 మి.మీ. ఉందా? ఎ1 షీటును ఎ3కి కుదిస్తే అక్షరం సగమవుతుంది.

☐ తేదీ, సవరణ సంఖ్య వేశారా? పాత ప్రతి గోడ మీంచి తీసేశారా?